చెల్లెలికి సరిపడిన మాత్ర అక్కకు ఎందుకు సరిపడలేదు: మెనోపాజ్ ఆవిర్లకు హార్మోన్ చికిత్స, ఒక కేస్ స్టడీ

పరకాలలో భర్తతో కలిసి బట్టల దుకాణం నడిపే 51 ఏళ్ల మహిళ హనుమకొండలోని మా క్లినిక్‌కు వచ్చింది ఆవిర్ల కోసం కాదు, రక్తస్రావం అవుతోందని. ఆమెకు ముట్టు ఆగిపోయి 20 నెలలు అయింది. అలాంటిది రెండు వారాలుగా మళ్లీ కొద్దికొద్దిగా ఎరుపు కనబడుతోంది. ముట్టు నిలిచి ఏడాది గడిచాక ఎంత కొంచెం రక్తం కనబడినా, వేరే కారణం తేలేదాకా గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌ను మనసులో పెట్టుకునే పరీక్షించాలి. అందుకే మొదట ఏయే మందులు వాడుతున్నారని అడిగాను. ఏమీ లేవన్నారు. ఆమెతో వచ్చిన చెల్లెలు కల్పించుకుని, "చెప్పవేందక్కా, నా గోలీలు ఏసుకున్నవ్ గదా" అన్నారు.

అప్పుడు అసలు సంగతి బయటకు వచ్చింది. అక్కకు ఏడాదికి పైగా తీవ్రమైన ఆవిర్లు వస్తున్నాయి. ఛాతీలో మొదలైన వేడి మెడ మీదుగా ముఖానికి ఎక్కి, రెండు మూడు నిమిషాలు ఉండి, చెమటలు పట్టించి, చివరికి వణుకు పుట్టించి పోతుంది. పగలు ఏడెనిమిది సార్లు, రాత్రి మూడు నాలుగు సార్లు. "దుకాణంల గిరాకీ ముందర చీర మడత ఇప్పుతుంటెనే మొకం కందగడ్డ లెక్క అయితది మేడం, కొంగుతోటి తుడుసుకునుడే సరిపోతది. రాత్రి నిద్రనే లేదు" అని ఆమె చెప్పారు. చెల్లెలికి 43 ఏళ్లు. అధిక రక్తస్రావం కారణంగా 40వ ఏట వేరొక చోట గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేశారు. ఆపరేషన్ తర్వాత అక్కడి వైద్యులే 0.625 మి.గ్రా. కాంజుగేటెడ్ ఈస్ట్రోజెన్ మాత్ర రోజుకొకటి రాసిచ్చారు. దాంతో చెల్లెలికి ఆవిర్లు పూర్తిగా తగ్గాయి. అది చూసి అక్క కూడా అదే మాత్ర మెడికల్ షాపులో కొనుక్కుని నాలుగు నెలలు వేసుకున్నారు. మూడో వారానికే ఆవిర్లు సగానికి సగం తగ్గాయి. నాలుగో నెలలో రక్తం కనబడింది. అక్క భయపడి మాత్ర మానేశారు. అది చూసి, ఇరుగుపొరుగు వాళ్లు "ఆ గోలీలతోటి క్యాన్సర్ వస్తదట" అనడంతో, చెల్లెలూ మానేశారు.

ఇద్దరి అనుమతితో, వారిని గుర్తుపట్టే వివరాలను మార్చి ఈ కేసును రాస్తున్నాను. ఒకే ఇంట్లోని ఇద్దరు అక్కాచెల్లెళ్లలో ఒకరు వేసుకోకూడని పద్ధతిలో మాత్ర వేసుకున్నారు, మరొకరు మానకూడని మాత్ర మానేశారు. హార్మోన్ చికిత్స ఎవరికి, ఏ రూపంలో, ఎంతకాలం అన్న ప్రశ్నలకు మన ప్రాంతంలో నేను తరచూ చూసే గందరగోళమంతా ఈ ఇద్దరిలోనే ఉంది.

రక్తస్రావం సంగతి ముందు

మెనోపాజ్ హార్మోన్ చికిత్సలో ఆవిర్లను తగ్గించేది ఈస్ట్రోజెన్. మెదడులో శరీర ఉష్ణోగ్రతను నియంత్రించే కేంద్రం ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు అతిగా స్పందించడం మొదలుపెడుతుంది. వేడిలో ఏ కాస్త తేడా వచ్చినా రక్తనాళాలను విప్పార్చి చెమట పట్టిస్తుంది. ఈస్ట్రోజెన్‌ను తిరిగి అందిస్తే ఆవిర్ల సంఖ్య సుమారు నాలుగింట మూడొంతులు తగ్గుతుందని అధ్యయనాలన్నింటినీ కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. ఇంత బాగా పనిచేసే మందు ఆవిర్లకు ఇప్పటికీ మరొకటి లేదు. అయితే అదే ఈస్ట్రోజెన్ గర్భసంచి లోపలి పొరను కూడా పెంచుతుంది. నెలల తరబడి ఒంటరిగా ఇస్తే ఆ పొర మందమై, కొందరిలో అది కణాలు అతిగా పెరిగే హైపర్‌ప్లేసియాగానూ, ఆపైన క్యాన్సర్‌గానూ మారవచ్చు. కనుక గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజెన్‌తోపాటు ఆ పొరను అదుపులో ఉంచే ప్రొజెస్టిరాన్ తప్పనిసరిగా ఇవ్వాలి. గర్భసంచి లేనివారికి దాని అవసరం లేదు. చెల్లెలి చీటీలో ఒక్క ఈస్ట్రోజెనే ఉండడానికి కారణం ఇదే. అక్క విషయంలో అదే లోపం అయింది.

అక్కకు యోని ద్వారా అల్ట్రాసౌండ్ చేస్తే గర్భసంచి లోపలి పొర 9 మిల్లీమీటర్లు ఉంది. ముట్టు ఆగాక రక్తస్రావం అయినవారిలో ఆ పొర 4 మిల్లీమీటర్లకు మించితే ముక్క తీసి పరీక్షించాలన్నది మేం పాటించే నియమం. సన్నటి గొట్టంతో క్లినిక్‌లోనే, మత్తు లేకుండా బయాప్సీ తీశాం. ఈస్ట్రోజెన్ ప్రభావంతో పొర పెరిగినట్టు మాత్రమే ఉందనీ, హైపర్‌ప్లేసియా గానీ క్యాన్సర్ కణాలు గానీ లేవనీ రిపోర్టు వచ్చింది. 10 రోజులు ప్రొజెస్టిరాన్ మాత్రలిస్తే, ఆపిన మూడో రోజున ముట్టులాగా రక్తం పోయింది. ఆరు వారాల తర్వాత తీసిన స్కాన్‌లో పొర 4 మిల్లీమీటర్లకు దిగింది. ఈలోగా ఆవిర్లు మళ్లీ మొదటికి వచ్చాయి. ఆమె ఈసారి నేరుగా అడిగారు: "సరిగ్గ ఇస్తే ఈ మందు నేను ఏసుకోవచ్చునా, ఏసుకోవద్దా?"

ఆమెకు ఇవ్వవచ్చునా

ఇవ్వాలా వద్దా అన్నది తేల్చేముందు, ఆ చెమటలు మెనోపాజ్‌వేనని నిర్ధారించుకోవాలి. మన దగ్గర రాత్రి చెమటలు అనగానే క్షయను మరవకూడదు. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, వదలని దగ్గు ఉన్నాయేమో అడగాలి. అవేవీ లేవు. గుండెదడ, చేతుల వణుకు ఉంటే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని అనుమానించాలి. ఆమె థైరాయిడ్ రక్తపరీక్ష, టీఎస్‌హెచ్, మామూలుగానే ఉంది. 45 ఏళ్లు దాటి, ముట్టు ఆగి, ఆవిర్లు వస్తున్న మహిళకు మెనోపాజ్‌ను తేల్చడానికి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ పరీక్ష అవసరం లేదు. అయినా చాలామంది ఆ పరీక్ష రిపోర్టు చేతిలో పట్టుకునే వస్తారు. దాన్ని బట్టి నిర్ణయమేమీ మారదు.

తర్వాత చూడవలసింది వయసు, ముట్టు ఆగి గడిచిన కాలం. 60 ఏళ్లలోపు వారికి, లేదా ముట్టు ఆగి పదేళ్లు దాటనివారికి, ఇబ్బంది పెట్టే ఆవిర్లు ఉంటే హార్మోన్ చికిత్స వల్ల కలిగే మేలు సాధారణంగా ముప్పు కంటే ఎక్కువగా ఉంటుంది. అంతకంటే ఆలస్యంగా మొదలుపెడితే గుండెజబ్బు, పక్షవాతం, రక్తనాళాల్లో గడ్డల ముప్పు పెరుగుతుంది. కనుక 65 ఏళ్ల వయసులో మొదటిసారిగా మొదలుపెట్టమని అడిగేవారికి నేను ఇవ్వను. ఈమెకు 51 ఏళ్లు, ముట్టు ఆగి రెండేళ్లు కూడా కాలేదు.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, గతంలో కాలి సిరల్లోగానీ ఊపిరితిత్తుల్లోగానీ రక్తం గడ్డకట్టినవారు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, కాలేయం ప్రస్తుతం జబ్బుతో ఉన్నవారు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవారు మామూలుగా ఈ చికిత్సకు అర్హులు కారు. ఈమె వీటిలో చివరిదానికి చెంది ఉండేవారు. బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా ఆగింది అందుకే. అర్హత లేనివారిని ఉత్త చేతులతో పంపనక్కరలేదు. వెన్లాఫాక్సిన్, రాత్రిపూట గాబాపెంటిన్ వంటి హార్మోన్ కాని మందులు ఆవిర్లను గణనీయంగానే తగ్గిస్తాయి. రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడుతున్నవారికి మాత్రం, ఆవిర్లకే వాడే మరో మందు పారాక్సిటిన్ ఇవ్వకూడదు, అది టామోక్సిఫెన్ పనికి అడ్డుపడుతుంది.

ఆమెకు ఖచ్చితమైన అడ్డంకి ఏదీ లేకపోయినా, ఆలోచించవలసినవి ఐదు కనబడ్డాయి. బరువు 76 కిలోలు, ఎత్తు 156 సెంటీమీటర్లు, అంటే బీఎంఐ 31 దాటింది. దుకాణంలో రోజంతా నిలబడే పని కావడంతో ఎడమ పిక్కపై సిరలు ఉబ్బి మెలికలు తిరిగి ఉన్నాయి. తల్లికి తుంటి ఎముక ఆపరేషన్ తర్వాత కాలి సిరలో రక్తం గడ్డకట్టింది. చిన్నమ్మకు 66వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. రక్తపోటు 138/86 ఉంది, మందు అవసరం పడలేదు గానీ కన్నేసి ఉంచవలసిన అంకె అది. మామోగ్రామ్‌లో అనుమానించవలసిందేమీ లేదు.

రక్తం గడ్డకట్టే ముప్పు, మాత్రకూ జెల్‌కూ తేడా

ఆమె కేసులో నేను ఎక్కువసేపు ఆలోచించింది ఈ ముప్పు గురించే. ఈస్ట్రోజెన్ మాత్ర మింగితే, పేగుల నుంచి రక్తంలోకి చేరిన మందు శరీరమంతా తిరగకముందే పెద్ద మోతాదులో కాలేయాన్ని తాకుతుంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్రోటీన్లు తయారయ్యేది కాలేయంలోనే. ఆ తాకిడికి వాటి ఉత్పత్తి పెరుగుతుంది. అమెరికాలో 16,608 మంది మహిళలపై జరిగి, 2002లో ఫలితాలు వెలువడిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పరీక్షలో, కాంజుగేటెడ్ ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ రకానికి చెందిన మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ కలిసిన మాత్ర వేసుకున్నవారిలో ఏడాదికి ప్రతి 10,000 మందిలో 34 మందికి సిరల్లో గడ్డలు వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో అది 16 మందికి వచ్చింది. అంటే ముప్పు రెట్టింపయింది. రెట్టింపు అన్న మాట వినగానే భయమేస్తుంది, కానీ అదనంగా వచ్చింది ఏడాదికి 10,000 మందిలో 18 మందికి. పైగా ఆ పరీక్షలో పాల్గొన్నవారి సగటు వయసు 63 ఏళ్లు. 50 ఏళ్ల ఆరోగ్యవంతురాలికి మొదటినుంచీ ఉండే ముప్పే తక్కువ కాబట్టి, అది రెట్టింపైనా అంకె చిన్నదిగానే ఉంటుంది. ఈ ముప్పు మందు మొదలుపెట్టిన మొదటి ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ.

అయితే పరకాల నుంచి వచ్చిన ఈమె మొదటినుంచీ తక్కువ ముప్పున్న మనిషి కాదు. స్థూలకాయం ఒక్కటే సిరల్లో గడ్డల అవకాశాన్ని రెండు మూడు రెట్లు పెంచుతుంది. దానిపైన మాత్ర వేస్తే రెండూ ఒకదానికొకటి తోడవుతాయి. తల్లి విషయానికి నేను అంత బరువు ఇవ్వలేదు. తుంటి ఆపరేషన్ తర్వాత ఆ వయసులో గడ్డ కట్టడానికి ఆపరేషనే చాలినంత కారణం. అదే తల్లికి చిన్న వయసులో, ఏ కారణమూ లేకుండా వచ్చి ఉంటే, వంశపారంపర్య లోపం ఉందేమోనని రక్తనిపుణుల సలహా తీసుకున్నాకే అడుగు వేసేదాన్ని.

కాబట్టి ఆమెకు మాత్ర కాక, చర్మంపై రాసుకునే ఎస్ట్రడయోల్ జెల్ ఎంచుకున్నాం. చర్మం ద్వారా వెళ్లే ఈస్ట్రోజెన్ నేరుగా రక్తంలో కలుస్తుంది, కాలేయానికి పెద్ద మోతాదు ఒక్కసారిగా చేరదు. బ్రిటన్‌లో లక్షలాది మహిళల వైద్య రికార్డులను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, మాత్రలు వాడినవారిలో గడ్డల ముప్పు పెరిగింది గానీ, చర్మం మీది పట్టీలు, జెల్ వాడినవారిలో పెరుగుదల కనబడలేదు. ఇది రికార్డులను చూసి చెప్పిన ఫలితమే తప్ప లాటరీ పద్ధతిలో మందులిచ్చి పోల్చిన పరీక్ష కాదు. అయినా వేర్వేరు దేశాల్లో ఒకే ఫలితం రావడం, దానికి కాలేయం రూపంలో అర్థమయ్యే కారణం ఉండడం వల్ల, స్థూలకాయం, ఉబ్బిన సిరలు, అదుపులో ఉన్న రక్తపోటు ఉన్నవారికి నేను మాత్ర రాయను. జెల్ ధర మాత్ర కంటే ఎక్కువ, మండలాల్లోని మెడికల్ షాపుల్లో తరచూ దొరకదు. ఆ ఇబ్బంది నిజమైనదే కాబట్టి రెండు నెలలకు సరిపడా హనుమకొండలోనే కొనుక్కోమని చెప్పాను.

జెల్ పెట్టుకున్నా ప్రమాద సంకేతాలు చెప్పకుండా పంపకూడదు. ఒకే కాలు ఉబ్బడం, పిక్కలో పట్టి లాగుతున్నట్టు నొప్పి, ఆ చోట వేడిగా ఎర్రగా ఉండడం కాలి సిరలో గడ్డకు గుర్తులు. హఠాత్తుగా ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, దగ్గులో రక్తం కనబడడం ఊపిరితిత్తికి గడ్డ చేరిందనడానికి గుర్తులు. ఈ రెండో రకం గుర్తుల్లో ఏది వచ్చినా క్లినిక్‌కు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి. సాయంత్రానికి రెండు కాళ్లూ సమానంగా వాచి, పొద్దున్నకు తగ్గిపోవడం నిలబడి పనిచేసేవారిలో మామూలే. ఆ తేడాను ఆమె కాళ్లపైనే చూపించి చెప్పాను.

రొమ్ము గురించి ఆమెతో జరిగిన మాట

ఆమె కూతురు ఫోన్‌లో చదివి వచ్చి, "హార్మోన్లు వాడితే బ్రెస్ట్ క్యాన్సర్ వస్తుందంటున్నారు కదా మేడం" అని నిలదీశారు. న్యాయమైన ప్రశ్న. దీనికి భయం లేదనీ చెప్పకూడదు, భయపడమనీ చెప్పకూడదు. అంకె చెప్పాలి.

2019లో లాన్సెట్ పత్రికలో ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి లెక్కగట్టిన వ్యాసం వచ్చింది. దాని ప్రకారం పాశ్చాత్య దేశాల్లో హార్మోన్లు ఎన్నడూ వాడని 100 మంది మహిళలను తీసుకుంటే, 50 నుంచి 69 ఏళ్ల మధ్య సుమారు 6 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. 50వ ఏట మొదలుపెట్టి, ఈస్ట్రోజెన్‌నూ ప్రొజెస్టిరాన్ రకం మందునూ రోజూ కలిపి ఐదేళ్లు వాడితే ఆ సంఖ్య 8కి చేరుతుంది. అంటే 50 మంది వాడితే అదనంగా ఒకరికి. ఒక్క ఈస్ట్రోజెన్ వాడినవారిలో పెరుగుదల చాలా చిన్నది, 200 మందిలో ఒకరు. పైన చెప్పిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్‌లోనే, గర్భసంచి లేనివారిపై విడిగా జరిగిన పరీక్షలో ఒక్క ఈస్ట్రోజెన్ తీసుకున్నవారిలోనైతే రొమ్ము క్యాన్సర్ పెరగకపోగా తగ్గింది. ఈ ఒక్క అంశంలో రెండు ఆధారాలూ ఒకదానితో ఒకటి సరిపోలవు. కానీ రొమ్ముపై ప్రభావం ప్రధానంగా తోడుగా ఇచ్చే ప్రొజెస్టిరాన్ రకం మందు వల్లేననీ, వాడిన కాలం పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుందనీ రెండూ చెబుతున్నాయి. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ మొత్తం మీద పాశ్చాత్య దేశాల కంటే తక్కువ కాబట్టి, అదనపు సంఖ్య కూడా మన మహిళల్లో అంతకు మించకపోవచ్చునని నేను భావిస్తాను. కానీ దాన్ని హామీగా ఇవ్వలేదు.

ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పని విషయం మరొకటి ఉంది. బ్రిటిష్ మెనోపాజ్ సొసైటీ వాడే లెక్కలో, 50 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న 1,000 మంది మహిళల్లో ఐదేళ్లలో 23 మందికి ఎలాగూ రొమ్ము క్యాన్సర్ వస్తుంది. రెండు హార్మోన్లూ కలిపి వాడితే దానికి 4 కలుస్తాయి. స్థూలకాయం ఉంటే 24 కలుస్తాయి. మందు చీటీ గురించి వచ్చిన భయం బరువు గురించి రాకపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది. అందుకే ఆరు నెలల్లో ఐదు కిలోలు తగ్గడాన్ని మందుతోపాటు చీటీలోనే రాశాను.

చిన్నమ్మకు 66వ ఏట వచ్చిన క్యాన్సర్ ఒక్కటే ఈ చికిత్సకు అడ్డంకి కాదు. తల్లికో సోదరికో చిన్న వయసులో వచ్చినా, కుటుంబంలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు పలువురికి వచ్చినా జన్యుపరీక్ష గురించి ఆలోచించేవాళ్లం. ప్రొజెస్టిరాన్ విషయంలో మాత్రం, పాత సింథటిక్ రకాల బదులు, ఒంట్లో తయారయ్యే హార్మోన్ లాంటిదే అయిన మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్ ఎంచుకున్నాను. ఫ్రాన్స్‌లో మహిళలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, ఈ రకం తీసుకున్నవారిలో మొదటి ఐదేళ్లు రొమ్ము ముప్పు పెరిగినట్టు కనబడలేదు. అది కూడా గమనించి చెప్పినదే. అయినా గర్భసంచి పొరను తగిన మోతాదులో కాపాడుతూ, గడ్డల ముప్పును పెంచని రకం కావడంతో ఈమెకు అదే తగినది.

ఇవన్నీ విని, వారం ఆలోచించుకుని, రాత్రి నిద్ర లేకుండా దుకాణం నడపడం తనవల్ల కాదనీ, ఈ ముప్పు తనకు సమ్మతమేననీ ఆమె చెప్పారు. నిర్ణయం ఆమెది.

మందు, వాడే పద్ధతి, ఆరో వారంలో బయటపడిన సంగతి

0.06 శాతం ఎస్ట్రడయోల్ జెల్ రోజూ 1.25 గ్రాములతో, అంటే 0.75 మి.గ్రా. మందుతో మొదలుపెట్టాం. దాంతోపాటు మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్ 100 మి.గ్రా. రోజూ రాత్రి పడుకునే ముందు. ఈ గుళిక కాస్త మత్తునిస్తుంది కాబట్టి పగలు వేసుకోకూడదు. నిద్రపట్టనివారికి అదే గుణం మేలు చేస్తుంది. ముట్టు ఆగి ఏడాది దాటింది కనుక రోజూ ఇచ్చాం. ఏడాది కూడా దాటనివారికి రోజూ ఇస్తే వేళాపాళా లేని రక్తస్రావంతో విసిగిపోతారు. వారికి నెలలో 12 నుంచి 14 రోజులు 200 మి.గ్రా. చొప్పున ఇస్తే ఒక క్రమంలో ముట్టు వస్తుంది.

ఆరు వారాలకు వచ్చినప్పుడు ఆవిర్లు కొద్దిగానే తగ్గాయన్నారు. మోతాదు పెంచబోయే ముందు జెల్ ఎలా రాస్తున్నారో నా ఎదుటే రాసి చూపించమన్నాను. ఆమె జెల్‌ను మణికట్టు దగ్గర నాలుగు వేళ్ల మేర పెట్టుకుని, నొప్పుల మందు రుద్దినట్టు గట్టిగా రుద్దారు. ఇంకా అడిగితే, స్నానం చేశాక ఒంటికి కొబ్బరినూనె పట్టించుకునే అలవాటు ఉందనీ, జెల్ ఆ నూనె మీదే రాస్తున్నాననీ చెప్పారు. మే నెల కావడంతో ఆ వెంటనే చెమట కూడా పట్టేది. మందు ఒంట్లోకి పోయే దారే లేదు. స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా ఆరాక, నూనె, పౌడర్ ఏదీ లేని చర్మంపై, భుజం నుంచి మోచేతి దాకా బయటివైపున పలచగా పరచాలి, రుద్దకూడదు, ఐదు నిమిషాలు ఆరనివ్వాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. రొమ్ములపై ఎన్నడూ రాయకూడదు. రాసుకున్న చోటును కనీసం గంటసేపు ఎవరికీ తగలనివ్వకూడదు. రెండేళ్ల మనవడిని పొద్దున్నే ఎత్తుకుంటారని తెలిసి, ఈ చివరి మాటను రెండుసార్లు చెప్పాను. ఇలా అంటుకున్న ఈస్ట్రోజెన్ వల్ల చిన్నపిల్లలకు రొమ్ములు పెరిగిన సందర్భాలు ఉన్నాయి. స్నానానికి ముందు నూనె రాసుకుని, ఫ్యాన్ కింద ఒళ్లు ఆరబెట్టుకుని, జెల్ రాసుకున్నాక చేతుల రవిక వేసుకోవడం ఆమె తానే కుదుర్చుకున్న ఏర్పాటు.

పద్ధతి మార్చాక నెలలోనే రాత్రి మెలకువలు ఆగిపోయాయి. పగటి ఆవిర్లు కొన్ని మిగిలి ఉండడంతో మూడో నెలలో మోతాదును 2.5 గ్రాములకు, అంటే 1.5 మి.గ్రా.కు పెంచాం. తర్వాత రోజుకు ఒకటో రెండో, అదీ పొయ్యి దగ్గర ఉన్నప్పుడే వస్తున్నాయి. రెండో నెలలోనూ, మోతాదు పెంచిన నెలలోనూ కొద్దిగా రక్తపు మరకలు కనబడ్డాయి. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో, మోతాదు మార్చినప్పుడు ఇది సాధారణం. ఆరు నెలల తర్వాత కూడా కనబడుతున్నా, పూర్తిగా ఆగి మళ్లీ మొదలైనా స్కాన్, అవసరమైతే బయాప్సీ చేయాలి. ఇదివరకే పొర పెరిగిన మనిషి కాబట్టి, రక్తం ఆగిపోయినా ఆరో నెలలో ఒకసారి స్కాన్ చేశాం, 3.8 మిల్లీమీటర్లు ఉంది. రక్తపోటు 130/82కు దిగింది. బరువు మూడు కిలోలే తగ్గింది.

చెల్లెలు

అక్క కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది చెల్లెలి పరిస్థితి. 40వ ఏట అండాశయాలు తీసేస్తే, సహజంగా మరో ఏడెనిమిదేళ్లు అందవలసిన ఈస్ట్రోజెన్ ఒక్కరోజులో ఆగిపోతుంది. అలాంటివారు హార్మోన్ వాడకపోతే ఎముకలు త్వరగా పలచబడతాయి, గుండెజబ్బు అవకాశం పెరుగుతుంది. 50 దాటినవారి మీద జరిగిన పరీక్షల్లోని ముప్పు అంకెలు ఆమెకు వర్తించవు. ఆమె తీసుకునేది ఒంట్లో వయసుకు మించి పోసిన హార్మోన్ కాదు, ఆ వయసుకు ఉండవలసిన హార్మోనే. ఆమె బీఎంఐ 23, కాళ్లు బాగున్నాయి, రక్తపోటు మామూలే, గర్భసంచి లేదు. కనుక అదే ఈస్ట్రోజెన్ మాత్రను మళ్లీ మొదలుపెట్టమన్నాను, ప్రొజెస్టిరాన్ జోడించలేదు. జెల్ కూడా వాడుకోవచ్చునని చెప్పాను గానీ, నెలనెలా ఖర్చు చూసి ఆమె మాత్రకే మొగ్గారు. కనీసం 50 ఏళ్ల వరకు వాడాలి, ఆ తర్వాత కొనసాగించాలా వద్దా అన్నది అప్పుడు చూద్దాం. వరంగల్ చుట్టుపక్కల 35, 40 ఏళ్లకే గర్భసంచితోపాటు అండాశయాలు పోగొట్టుకుని, ఏ హార్మోనూ లేకుండా, కాల్షియం మాత్రలతో సరిపెట్టుకుంటున్న మహిళలను వారం వారం చూస్తున్నాను. వారికి ఈ మందు అవసరం ఇంకెవరికంటే ఎక్కువ.

ఎంతకాలం

అక్క అడిగిన చివరి ప్రశ్న ఇది. ఐదేళ్లు అయ్యేసరికి కచ్చితంగా ఆపేయాలన్న నియమం ఇప్పుడు లేదు. ఆవిర్లు సగటున ఏడేళ్లకు పైగా ఉంటాయనీ, కొందరిలో పదేళ్లు దాటుతాయనీ అమెరికాలోని దీర్ఘకాల అధ్యయనం చూపింది. కనుక గడువు పెట్టడం కంటే ప్రతి ఏడాదీ ఇంకా అవసరమేనా అని తూకం వేయడం మేలు. ఏడాదికోసారి రక్తపోటు, బరువు, రొమ్ము పరీక్ష, రక్తస్రావం వివరాలు చూడాలి. ఒకటి రెండేళ్లకోసారి మామోగ్రామ్ తీయాలి. కొత్తగా ఎవరికైనా కుటుంబంలో క్యాన్సర్ వచ్చిందేమో, తనకు పెద్ద ఆపరేషన్ ఏదైనా ఉందేమో అడగాలి. మాత్ర వాడేవారైతే పెద్ద ఆపరేషన్‌కు నాలుగు వారాల ముందు ఆపాలి. రొమ్ము ముప్పు వాడిన ఏళ్లతో పెరుగుతుంది కాబట్టి, ఐదేళ్లు దాటేటప్పుడు ఆ సంభాషణ మళ్లీ మొదటినుంచీ జరగాలి. మందు ఆపినవారిలో సుమారు సగం మందికి ఆవిర్లు తిరిగి వస్తాయి. మెల్లగా తగ్గించినా, ఒక్కసారిగా ఆపినా చివరికి ఫలితంలో పెద్ద తేడా ఉండదు గానీ, మెల్లగా తగ్గిస్తే మొదటి వారాలు భరించడం సులువు.

ఆమెకు 14 నెలలు పూర్తయ్యాయి. రెండో ఏటి మామోగ్రామ్ బాగుంది. మోతాదు తగ్గించి చూద్దామా అని మార్చిలో తానే అడిగితే, నేను వద్దన్నాను. 44 డిగ్రీల ఎండలో వచ్చే చెమట ఏదో, ఆవిరి ఏదో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. దసరా, దీపావళి గిరాకీ సద్దుమణిగాక, నవంబరు చివర్లో 2.5 గ్రాముల నుంచి 1.25 గ్రాములకు దించి, ప్రొజెస్టిరాన్ యథాతథంగా ఉంచి, సంక్రాంతి దాకా రోజుకు ఎన్ని ఆవిర్లు వచ్చాయో దుకాణం లెక్కల పుస్తకం చివరి పేజీలో గీతలు పెట్టుకోమన్నాను. గీతలు మూడుకు మించితే పాత మోతాదుకే వెళ్తాం, మించకపోతే వచ్చే వేసవి కూడా తక్కువ మోతాదుతోనే గడిపి చూస్తాం.